20 నిమిషాల డెమో

"ఈరోజు ఎవరో కొత్త మేడమ్ వచ్చి లెక్కలు చెప్పి వెళ్లిపోయారు" అని మీ పిల్లలు ఎప్పుడైనా ఇంటికొచ్చి చెప్పారా? ఆవిడ ఉద్యోగం కోసం వచ్చి డెమో క్లాస్ చెప్పి ఉంటారు. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ గారు, సబ్జెక్ట్ హెడ్ గారు కాగితాలు పట్టుకుని కూర్చుని ఉంటారు. ఆరేళ్ల క్రితం నేనూ ఇక్కడ అలాగే నిలబడ్డాను. అంతకుముందు ఇంకో స్కూల్లో నిలబడి, ఉద్యోగం రాక ఇంటికొచ్చాను.

రెండు చోట్లా ఐదో తరగతే, రెండు చోట్లా భిన్నాలే. మొదటిసారి లెసన్ ప్లాన్‌లో లక్ష్యం అన్న చోట "పిల్లలు భిన్నాలను అర్థం చేసుకుంటారు" అని రాశాను. రాత్రంతా కూర్చుని మూడు రంగుల చార్టులు చేశాను. క్రమ భిన్నం, అపక్రమ భిన్నం, మిశ్రమ భిన్నం, అన్నీ 20 నిమిషాల్లో చెప్పేసి "అర్థమైందా?" అన్నాను. "ఎస్ మేడమ్!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అంది. అప్పుడు ప్యానెల్లోని పెద్దాయన లేచి ముందు బెంచీ బాబును అడిగారు.

"1/3 పెద్దదా, 1/4 పెద్దదా?"

"1/4 సార్."

"ఎందుకు నాన్నా?"

"3 కంటే 4 పెద్దది కదా సార్."

ఆయన నన్నేమీ అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు.

రెండో డెమోకి నేను చివరి నుంచి మొదలుపెట్టాను. పాఠం కంటే ముందు, పాఠం అయ్యాక పిల్లలు రాసి ఇచ్చే చీటీ తయారుచేశాను. అందులో రెండే ప్రశ్నలు. మొదటిది, 1/5, 1/8లలో ఏది పెద్దది? రెండోది, 2/3, 3/4లలో ఏది పెద్దది? రెండింటికీ కారణం ఒక్క వాక్యంలో రాయాలి. మొదటి ప్రశ్నకు "కింద అంకె పెద్దదైతే భిన్నం చిన్నది" అని బట్టీపట్టిన పిల్లవాడు కూడా సరిగ్గానే రాస్తాడు. రెండో దాంట్లో అదే సూత్రం వాడితే తప్పు వస్తుంది. బట్టీ ఎవరిదో, ఆలోచన ఎవరిదో అక్కడ తెలిసిపోతుంది. చీటీ తయారయ్యాక లక్ష్యం దానంతటదే వచ్చింది: "రెండు భిన్నాల్లో ఏది పెద్దదో పిల్లలు గీసి చూపించి, కారణం చెప్పగలగాలి." అంతే, ఇంకేమీ పెట్టుకోలేదు.

ఆ తర్వాతే యాక్టివిటీ గురించి ఆలోచించాను. ఇద్దరికి రెండు కాగితం పట్టీలు, ఒక్కొక్కటి 12 సెంటీమీటర్లు. 12 ఎందుకంటే అది 3తోనూ, 4తోనూ సరిగ్గా తెగుతుంది. ముందు రోజు మా అబ్బాయిని కూర్చోబెట్టి చేయించాను. మడతపెట్టి మూడు భాగాలు చేయమంటే వంకరటింకరగా నాలుగు నిమిషాలు పట్టింది. అందుకని మడతలు మానేసి స్కేలు పెట్టాను. ఇంకో సంగతి కూడా వాడి వల్లే తెలిసింది. నేను హడావిడిగా కత్తిరించిన పట్టీల్లో ఒకటి అర సెంటీమీటరు ఎక్కువ ఉంది. పట్టీలు సమానంగా లేకపోతే ఆ పోలికకు అర్థమే లేదు. మళ్లీ అన్నీ కొలిచి కత్తిరించాను.

డెమో రోజు 1/3, 1/4 ప్రశ్నతోనే మొదలుపెట్టాను. ఏది పెద్దదంటే ఎన్ని చేతులు లేచాయో బోర్డు మూల రాసుకున్నాను కానీ, ఎవరిది ఒప్పో చెప్పలేదు. తర్వాత పట్టీలు ఇచ్చాను. ఒకదాన్ని మూడు, ఇంకోదాన్ని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి రంగు వేసి, ఎడమ అంచులు కలిపి పక్కపక్కన పెట్టమన్నాను. రంగు ఒకదాంట్లో 4 సెంటీమీటర్లు, ఇంకోదాంట్లో 3. "ఎక్కువమందికి పంచితే ఒక్కొక్కరికి తక్కువే వస్తుంది కదా మేడమ్" అని కిటికీ పక్క పాప అంది. ఆ మాట నేను చెప్పాలనుకున్నాను, తను చెప్పేసింది. ఆరు భాగాల పట్టీ కూడా చేయిద్దామనుకున్నాను కానీ, టైమ్ చూసి వదిలేశాను. చివరి నాలుగు నిమిషాలు చీటీకి ఉంచుకోకపోతే మిగతాదంతా చేసి లాభం లేదు.

ఇంటర్వ్యూకి పిలిచేలోపు వరండాలో కూర్చుని చీటీలు చూశాను. 24 మందిలో మొదటి ప్రశ్న 21 మంది సరిగ్గా రాశారు. రెండోది 11 మందే.

"సగం మందికి పైగా తప్పు రాశారు కదమ్మా, మీ పాఠం సరిగ్గా జరిగినట్టేనా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

గొంతు తడారిపోయింది. అయినా చీటీలు బల్ల మీద పరిచాను. "తప్పు రాసిన 13 మందిలో 10 మంది ఒకే కారణం రాశారు సార్. 4 పెద్దది కాబట్టి 3/4 చిన్నదట. హారం చూస్తున్నారు, లవం వదిలేస్తున్నారు. అది నేనే సగం నేర్పాను, ఒక్కో భాగానికే రంగు వేయించాను కాబట్టి. రేపు ఇవే పట్టీల్లో ఒకదాంట్లో రెండు భాగాలకు, ఇంకోదాంట్లో మూడు భాగాలకు రంగు వేయిస్తాను. 8 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు వాళ్ల కళ్లకే కనిపిస్తాయి" అన్నాను.

ఆయన ఆ చీటీలు దగ్గరికి తీసుకుని ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టారు. తర్వాతి ప్రశ్న అడగడానికి చాలాసేపు పట్టింది.