స్టిక్కు అంటే ఎంతమ్మా?

మొన్న వేసవి సెలవులకి డాలస్ నుంచి మా చెల్లెలి కూతురు పెదవేగి వచ్చింది. తొమ్మిదేళ్ళది. వాళ్ళమ్మకి సెలవు దొరక్క ఒక్కత్తే వచ్చింది పాపం. నాలుగో రోజుకే బెంగ మొదలైంది. "పెద్దమ్మా, మా అమ్మ చేసే కుకీలు చెయ్యవా?" అంది. చెయ్యనని ఎలా అంటాను?

చెల్లి వాయిస్ మెసేజ్ పెట్టింది. బటర్ రెండు స్టిక్కులు, అంటే పదహారు టేబుల్ స్పూన్లు అంది. ఏలూరు నుంచి అరకిలో బటర్ తెప్పించి, కూరలు వడ్డించే స్పూనుతో గోపురంలా తీసి పదహారు సార్లు వేశాను. ఓవెన్‌లో పెట్టిన పది నిమిషాలకి కుకీలన్నీ కరిగి ఒకదాన్నొకటి కలిసిపోయి, ట్రే నిండా ఒకటే అట్టు! చుట్టూ నూనె తేలింది. పిల్ల మొహం చూడలేకపోయాను.

మనకి పొద్దున్న తొమ్మిదంటే వాళ్ళకి రాత్రి పదిన్నర. చెల్లికి ఫోన్ చేస్తే ఒకటే ప్రశ్న వేసింది. "అక్కా, అరకిలోలో ఇంకెంత మిగిలింది?" చూస్తే ఐదో వంతు కూడా లేదు. అంటే నాలుగొందల గ్రాములు పైనే వేశానన్నమాట.

అక్కడ బటర్ ఒక పౌను పెట్టెలో వస్తుందట. 454 గ్రాములు. అందులో విడివిడిగా చుట్టిన నాలుగు కడ్డీలు, ఒక్కోటి 113 గ్రాములు. అదే స్టిక్కు. దాని కాగితం మీదే ఎనిమిది గీతలుంటాయి, గీతకో టేబుల్ స్పూను. చాకుతో గీత దగ్గర కోసుకోవడమే. అంటే టేబుల్ స్పూను బటర్ పధ్నాలుగు గ్రాములు, అదీ తలకొట్టి కొలిస్తే. నా వడ్డించే స్పూను పాతిక గ్రాములు పట్టిందన్నమాట!

నాకు కావలసింది 226 గ్రాములు. మా ఇంట్లో తూకం లేదు. మర్నాడు కొత్త అరకిలో ముద్ద తెచ్చి, ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక సగానికి కోశాను. ఆ సగాన్ని పది సమాన ముక్కలుగా గీసి, ఒకటి తీసేశాను. ముక్క పాతిక గ్రాములు కాబట్టి మిగిలింది 225. ఒక్క స్టిక్కే కావాలంటే నాలుగున్నర ముక్కలు.

"ఇంట్లో చిలికిన వెన్నుండగా కొనడమేంటి?" అన్నారు మా అత్తయ్యగారు. మన వెన్నలో మజ్జిగ తడి ఉంటుంది, అది ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. తూకం సరిపోయినా అందులో కొవ్వు ఎంతో చెప్పలేం. అందుకే పాపమ్మ కుకీలతో ఆ ప్రయోగం చెయ్యలేదు.

ఈసారి గుండ్రంగా, అంచులు ఎర్రగా వచ్చాయి. పిల్ల కొరికి, ఆలోచించి, "అమ్మవాటికన్నా ఉప్పగా ఉన్నాయి" అంది. నిజమే, చెల్లి వాడేది ఉప్పు లేని బటర్. నేను తెచ్చింది ఉప్పుది, పైగా ఆమె చెప్పిన అర టీస్పూను ఉప్పు కూడా వేశాను. అది మానేయాల్సింది.

అయినా రెండు తిని, ఒకటి రాత్రి వీడియో కాల్‌లో వాళ్ళమ్మకి చూపించడానికని దాచుకుంది.