మైనస్ 40 దగ్గర ఏ స్కేలని అడగక్కర్లేదు

మన ఇళ్లలో వేడికి రెండు లెక్కలు. ఎండ అయితే సెల్సియస్‌లో చెప్తాం: "ఇవాళ 44 దాటిందట." జ్వరం అయితే ఫారెన్‌హీట్‌లో చెప్తాం: "పిల్లాడికి 102 ఉంది." ఏ స్కేలని ఎవరూ అడగరు, అందరికీ తెలిసిపోతుంది. నిజంగానే అడగక్కర్లేని చోటు మాత్రం ఒక్కటే ఉంది, మైనస్ 40. అక్కడ రెండు స్కేళ్లూ ఒకే అంకె చూపిస్తాయి. చాలామందికి ఇది క్విజ్ ప్రశ్నగా తెలుసు. నాకు మాత్రం హాస్టల్లో ఒక రాత్రి పనికొచ్చింది. ఆ సంగతి చెప్పేముందు లెక్క చూద్దాం.

నీళ్లు గడ్డకట్టేది సెల్సియస్‌లో 0 దగ్గర, ఫారెన్‌హీట్‌లో 32 దగ్గర. మరిగేది 100 దగ్గర, 212 దగ్గర. అంటే అదే ఎత్తుకి ఒకరు 100 మెట్లు కట్టారు, ఇంకొకరు 180 కట్టారు. సెల్సియస్‌లో ఒక మెట్టు ఎక్కితే ఫారెన్‌హీట్‌లో 1.8 మెట్లు ఎక్కినట్టు. అందుకే మన సూత్రం:

F = (9/5)C + 32

రెండు అంకెలూ ఒకటే కావాలంటే F చోటా, C చోటా x పెడితే సరి.

x = (9/5)x + 32
−(4/5)x = 32
x = −40

సమాధానం వచ్చింది గానీ, ఎందుకో ఇంకా తెలియలేదు. 0 సెల్సియస్ దగ్గర ఫారెన్‌హీట్ అంకె 32 పైన ఉంది. చలి పెరిగేకొద్దీ సెల్సియస్ అంకె 1 తగ్గితే, ఫారెన్‌హీట్ అంకె 1.8 తగ్గుతుంది. పైనున్నదే వేగంగా దిగుతోంది కాబట్టి ఒక్కో డిగ్రీకి తేడా 0.8 చొప్పున కరుగుతుంది. 32లో 0.8 ఎన్నిసార్లు ఉంది? 40 సార్లు. అంతే, చిన్నప్పటి రెండు రైళ్ల లెక్క. మైనస్ 40 దాటాక ఫారెన్‌హీటే కిందికి పోతుంది: −50 సెల్సియస్ అంటే −58 ఫారెన్‌హీట్. కెల్విన్, సెల్సియస్ మాత్రం ఎప్పటికీ కలవవు. వాటి మెట్టు సైజు ఒకటే, కాబట్టి 273.15 తేడా కరగదు.

ఇక ఆ రాత్రి. మా రూమ్మేట్‌కి ఒళ్లు కాలిపోతోంది. పక్క రూము నుంచి తెచ్చిన డిజిటల్ థర్మామీటర్ సెల్సియస్‌లో మాత్రమే చూపిస్తుంది. 39.5 అంది. ఫోన్లో వాళ్లమ్మగారు, "ఎంతుంది నాన్నా జ్వరం?" అన్నారు. అంకె ఉన్నదున్నట్టు చదివాను. "39 ఏంటి నాన్నా? ఒళ్లు చల్లబడిపోయిందా?" ఆవిడ గొంతు వణికింది. మామూలుగా 98 ఉండాలని తెలిసిన మనిషికి 39 అంటే అలాగే వినిపిస్తుంది.

అప్పుడు నేను చేసింది ఇది. 40 కలిపాను: 79.5. దాన్ని 9/5తో గుణించాలి, అంటే రెట్టింపు చేసి అందులో పదో వంతు తీసెయ్యాలి: 159 లోంచి 15.9 పోతే 143.1. మళ్లీ 40 తీసేశాను: 103.1. "103 ఉందాంటీ" అన్నాను. ఆవిడ గొంతు వెంటనే స్థిరపడింది. "తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉండు, ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి" అన్నారు. తీసుకెళ్లాం.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందంటే, 40 కలపడమంటే మైనస్ 40ని సున్నా చేసి కొలవడమే. అక్కడి నుంచి రెండు స్కేళ్లూ ఒకేచోట మొదలవుతాయి, తేడా మెట్టు సైజులో మాత్రమే.

F + 40 = (9/5)(C + 40)

32ని ముందు తియ్యాలా, తర్వాత కలపాలా అన్న తికమక ఉండదు. వెనక్కి రావాలన్నా అవే అడుగులు, 9/5 బదులు 5/9. చూడండి: 98.6కి 40 కలిపితే 138.6, 5/9 వంతు 77, 40 తీసేస్తే 37.

ఒక్క జాగ్రత్త. మందు వేశాక కొన్ని గంటలకి థర్మామీటర్ 38.5 చూపించింది. "ఎంత తగ్గింది?" అని ఆవిడ అడిగారు. తగ్గింది 1 సెల్సియస్. ఆ 1ని ఫోన్లో కన్వర్టర్‌కి ఇస్తే 33.8 అంటుంది! అది 1 డిగ్రీ చలికి సమాధానం, 1 డిగ్రీ తేడాకి కాదు. తేడా తీసేటప్పుడు రెండు 40లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, 9/5 ఒక్కటే మిగులుతుంది. కాబట్టి తగ్గింది 1.8. "101కి దిగిందాంటీ" అన్నాను.

ఇంతకీ ఆ కలిసే చోటుని పాత పాదరసం థర్మామీటర్‌తో చూడలేం. పాదరసం −38.8 సెల్సియస్ దగ్గరే గడ్డకడుతుంది. రష్యాలోని యాకుత్స్క్ లాంటి ఊళ్లలో జనవరిలో మైనస్ 40 మామూలే. అక్కడ బయట చలి కొలవాలంటే ఆల్కహాల్ థర్మామీటరో, ఎలక్ట్రానిక్‌దో కావాలి. ఏ స్కేలు గీసి ఉన్నా పర్లేదు.