ట్రైలర్‌లో క్లైమాక్స్ ఎక్కడ జారిపోతుంది?

"ట్రైలర్‌లోనే కథంతా చెప్పేశాడు, ఇంక సినిమాకెందుకు పోవడం?" ఈ మాట మీరూ ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటారు. పెద్ద హీరోల సినిమాలకే ఈ తిట్టు పడుతుందనుకోకండి. ఈసీఐఎల్ చౌరస్తా దాటి మా దమ్మాయిగూడ వైపు వస్తే, ఏ కాలనీలో అడిగినా ఒక షార్ట్ ఫిల్మ్ కుర్రాడు దొరుకుతాడు. అద్దెకు తెచ్చిన కెమెరా, పాత ల్యాప్‌టాప్, నలుగురు దోస్తులు, అంతే సరంజామా. సినిమా ఎలాగో తీసేస్తున్నారు. దానికి ట్రైలర్ కోయాల్సి వచ్చినప్పుడే చెయ్యి తడబడుతోంది.

ఎడిటింగ్ పని చేసేవాణ్ని కాబట్టి అలాంటి కుర్రాడొకడు నా దగ్గరికొచ్చాడు. ముప్పై ఎనిమిది నిమిషాల సినిమా. కథ చెబుతాను, కబురంతా దాని మీదే నడుస్తుంది. రిటైరైన తండ్రి. కూతురి పెళ్లికని ఇంట్లో దాచిన రెండు లక్షలు కనిపించవు. పై వాటాలో అద్దెకుండే కుర్రాడి మీద అనుమానం. పంచాయితీ, గొడవ, ఇల్లు ఖాళీ చేయించడం దాకా పోతుంది. చివరికి తేలేదేమిటంటే, డబ్బు తీసి బియ్యం డ్రమ్ములో పెట్టింది తండ్రే. పెట్టిన సంగతి మరిచిపోయాడు. ఆయనకు మతిమరుపు జబ్బు మొదలైంది, ఇంట్లో ఎవరూ గమనించలేదు.

ఈ కథకు రెండు నిమిషాల ట్రైలర్ కావాలి. "క్లైమాక్స్ ముట్టుకోలేదన్నా, ఆఖరి ఆరు నిమిషాల్లోంచి ఒక్క షాట్ కూడా తీసుకోలేదు" అంటూ తను కోసిన ట్రైలర్ చూపించాడు. చూశాను. కథ మొత్తం తెలిసిపోయింది.

ఎక్కడ తెలిసిపోయిందో చెప్పనా? ఇరవయ్యో నిమిషంలో ఒక వంటింటి షాట్ ఉంది. కూతురు కాఫీ కలుపుతుంటుంది. వెనకాల ఫ్రిజ్ మీద తండ్రి చేతిరాతతో చీటీలు: గ్యాస్ ఆపాలి, తాళం వేయాలి, మందు వేసుకోవాలి. సినిమాలో ఆ షాట్ రెండు సెకన్లే. అప్పటికి మన కళ్లు కూతురి మీదుంటాయి కాబట్టి చీటీలు పట్టించుకోం. ట్రైలర్‌ని మాత్రం జనం ఫోన్‌లో ఆపి ఆపి చూస్తారు. దాని తర్వాత పేర్ల కార్డు ఒకటి వేశాడు. నటీనటుల పేర్ల పక్కన పాత్రలు కూడా: తండ్రి, కూతురు, అద్దెకున్న కుర్రాడు, న్యూరాలజిస్టు. దొంగతనం కథలో న్యూరాలజిస్టుకేం పని?

ముగింపు ఆఖరి రీల్లోంచే బయటపడుతుందనుకుంటాం. అలా బయటపడేది తక్కువ. చీటీలోంచి, కార్డులోంచి, తలకు కట్టిన కట్టులోంచి, ఒక పాటలోంచి, చనిపోవాల్సిన మనిషి తెల్లజుట్టుతో కనిపించడంలోంచి జారిపోయేదే ఎక్కువ. అందుకే కోత మొదలెట్టక ముందు రెండు వాక్యాలు కాగితం మీద రాయించాను. ఒకటి, సినిమా అడిగే ప్రశ్న: డబ్బెవరు తీశారు? రెండోది, సినిమా చెప్పే జవాబు: తండ్రే, మరిచిపోయాడు. తర్వాత టైమ్‌లైన్ మీద ఒక గీత. తెలివైన ప్రేక్షకుడు మొట్టమొదట ఎక్కడ పసిగట్టగలడో అక్కడ పడాలి ఆ గీత. క్లైమాక్స్ ముప్పై రెండో నిమిషంలో మొదలైనా, మా గీత పందొమ్మిదో నిమిషం దగ్గరే పడింది. గీతకు ఇవతలి షాట్లు స్వేచ్ఛగా వాడుకోవచ్చు. అవతలివన్నీ ఎర్ర రంగు వేసి పెట్టుకుని, ఒక్కొక్కదాన్నీ ఆపి, మూలమూలలూ చూసి, అప్పుడే తీసుకోవాలి.

ప్రశ్న చెప్పడానికీ జవాబు చెప్పడానికీ తేడా మన రాజమౌళికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? 'ఈగ' 2012లో వచ్చింది. హీరో చచ్చిపోయి ఈగగా పుట్టి పగ తీర్చుకుంటాడని షూటింగ్ రోజుల్లోనే విలేకరులకు చెప్పేశారు. అది జవాబు కాదు, ప్రశ్న. ఈగ ఎలా చంపుతుంది అన్నదే సినిమా. 'బాహుబలి' మొదటి భాగం ట్రైలర్ 2015 జూన్ 1న వచ్చింది, సినిమా జూలై 10న. రెండున్నర గంటలు దాటిన సినిమాకు రెండు నిమిషాల చిల్లర ట్రైలర్. జలపాతం చూపించారు, మాహిష్మతి చూపించారు, యుద్ధం కూడా చూపించారు. యుద్ధం సినిమా చివరి భాగంలోదే. అయినా ఏమీ పోలేదు. ఎందుకంటే అసలు దెబ్బ యుద్ధంలో లేదు, ఆ తర్వాత కట్టప్ప కత్తిలో ఉంది. దాని నీడ కూడా ట్రైలర్ మీద పడనివ్వలేదు.

రెండో భాగం దగ్గర పరిస్థితి తారుమారైంది. చంపిందెవరో దేశమంతటికీ తెలుసు. 2017 మార్చిలో వచ్చిన ట్రైలర్ దాన్ని దాచే ప్రయత్నమే చేయలేదు. నువ్వు నా పక్కనున్నంత కాలం నన్ను చంపేవాడు పుట్టలేదని బాహుబలి కట్టప్పతోనే అనే మాటను తెచ్చి పెట్టారు. తెలిసిన సంగతే గుచ్చుకుంది, ఎందుకు చంపాడన్నది మాత్రం ఏప్రిల్ 28న సినిమా వచ్చేదాకా బయటపడలేదు. జనానికి ముందే తెలిసినదాన్ని దాచి లాభం లేదు, తెలియనిది ఏమిటో గుర్తుపట్టి దాన్నే దాచాలి.

మళ్లీ మా కుర్రాడి దగ్గరికి వద్దాం. వాడికి ప్రాణంలాంటి షాట్ ఒకటుంది. సాయంత్రం వెలుగు, ఒకేలాంటి గేట్లున్న ఇళ్ల వరస, మధ్యలో తండ్రి నిలబడి అటూ ఇటూ చూస్తుంటాడు. సినిమాలో ఆయన తన ఇల్లేదో తెలియక నిలబడ్డాడు. ఇరవై ఎనిమిదో నిమిషం, మా గీతకు చాలా అవతల. "ఇది లేకుండా ట్రైలరేంటన్నా" అని గోల. న్యాయమే, అంత మంచి షాట్ ఇంకోటి లేదు. కానీ వాడు దాన్ని తండ్రి ఏడుపు మొహం పక్కన పెట్టి, కింద సన్నాయి బిట్ వేశాడు. అంతకంటే స్పష్టంగా జబ్బు సంగతి ఎవరు చెబుతారు?

షాట్ తీసేయలేదు, చోటు మార్చాం. ముందు అద్దె కుర్రాడు సంచి భుజానేసుకుని మెట్లు గబగబా దిగే షాట్. వెంటనే వీధిలో తండ్రి అటూ ఇటూ చూడటం. తర్వాత మూలమలుపు తిరిగిన బైకు. ఇప్పుడా చూపు ఇల్లు వెతుక్కునే చూపు కాదు, దొంగ కోసం వెతికే చూపు. ఒక్క ఫ్రేమ్ మార్చలేదు, పక్కింటివాళ్లు మారారంతే. రష్యన్ దర్శకుడు కులెషోవ్ వందేళ్ల కిందట చేసి చూపించింది ఇదే: ఒకే మొహం పక్కన వేర్వేరు షాట్లు పెడితే చూసేవాళ్లకు వేర్వేరు భావాలు కనిపిస్తాయి. ట్రైలర్ కోసేవాడికి ఇంతకంటే అక్కరకొచ్చే పాఠం లేదు. పైగా ఇందులో ఇంకో లాభముంది. సినిమా చూసి ఇంటికెళ్లి మళ్లీ ట్రైలర్ పెట్టుకున్నవాడు "అరె, ముందే చూపించాడు కదరా" అనుకుంటాడు.

ఇది మోసం కాదా అంటారేమో. హిచ్‌కాక్ 1960లో 'సైకో' ట్రైలర్‌లో ఇంకా ముందుకెళ్లాడు. తనే మోటల్ అంతా తిప్పి చూపించి, చివర స్నానాలగది తెర లాగితే కేకవేసిన ఆవిడ సినిమాలో అక్కడ చనిపోయే జానెట్ లీ కాదు, విగ్గు పెట్టుకున్న వెరా మైల్స్. ఎవరు చనిపోతారన్నది అలా దాగింది. షాటు విషయంలో ఏమార్చవచ్చు, సరుకు విషయంలో ఏమార్చకూడదు. ఆయన అమ్మింది భయం, ఇచ్చిందీ భయమే. మా కుర్రాడి ట్రైలర్‌ని థ్రిల్లర్ డప్పులతో నింపితే ముగింపు దాగుతుంది కానీ, హత్యలకోసం వచ్చి కూర్చున్నవాడు ముసలాయన మతిమరుపు చూసి తిట్టుకుంటూ వెళ్తాడు. అందుకే ఇంటి కథ అని తెలిసేలా మొదటి ఇరవై సెకన్లు వంటిల్లు, పెళ్లి పత్రికలు, తండ్రీకూతుళ్ల వేళాకోళం ఉంచాం. డబ్బు పోయింది యాభయ్యో సెకను లోపు. అనుమానం, గొడవ నిమిషమున్నర దాకా. తర్వాత వేగం పెంచి, ఒక్కసారిగా చీకటి, నిశ్శబ్దం. ఆపైన టైటిల్.

నిజానికి బొమ్మకంటే ముందు మాటలు కోశాం. సినిమా మొత్తంలోంచి ఎనిమిది డైలాగులు ఏరి, కళ్లు మూసుకుని వింటే కథ నడిచేలా వరసపెట్టాం. "ఈ ఇంట్లో బయటివాళ్లెవరున్నారు?" అని తండ్రి అడిగే మాట వెన్నెముక. దానికి సినిమాలో కూతురిచ్చే జవాబు మొదటి రెండు మాటల దగ్గరే ఆపేశాం. ఇలా చేయాలంటే డైలాగు, శబ్దాలు, ఆర్ఆర్ విడివిడి ట్రాకులుగా ఉండాలి. అన్నీ కలిపేసిన ఫైలొక్కటే ఉంటే, కోసిన ప్రతిచోటా సంగీతం నరికినట్టు తెగుతుంది. ప్రాజెక్టు ఫైలు దాచుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ సన్నాయి బిట్ మాత్రం ట్రైలర్‌లోంచి పూర్తిగా తీసేశాం. సినిమాలో నిజం తెలిసినప్పుడే తొలిసారి వినిపించాలది.

అయినా రెండు నిమిషాలు నిండేసరికి ఊపిరాడలేదు. లెక్క చూడండి. రెండున్నర గంటల సినిమాలో రెండు నిమిషాలంటే డెబ్భై అయిదులో ఒక వంతు. ముప్పై ఎనిమిది నిమిషాల్లో రెండంటే పందొమ్మిదిలో ఒక వంతు. అంత పెద్ద ముక్క బయట పెట్టాక లోపల దాచడానికి చోటేముంటుంది? ఆఖరికి నిమిషం ఇరవై సెకన్ల దగ్గర ఆగాం. వాడికి కొంచెం వెలితిగానే ఉంది. ట్రైలర్‌కు మేలే జరిగింది.

పరీక్ష ఒకటి మిగిలింది. కోసినవాడికి ముగింపు తెలుసు కాబట్టి వాడి కంటికి లీకు కనపడదు. సినిమా చూడని పక్కింటావిడకు చూపించి, "ఎలా ఉందండీ" అని అడగకుండా "తర్వాత ఏమవుతుందనుకుంటున్నారు" అని అడిగాం. "ఆ పై వాటా పిల్లాడు తీశాడని చూపిస్తున్నారు, కానీ వాడు తీసుండడు" అంది. అదీ కావలసిన జవాబు. "ఆ పెద్దాయనకు ఒంట్లో బాలేదా?" అని ఉంటే మళ్లీ కోతకు కూర్చునేవాళ్లం.

మీరూ మీ సినిమాకో, కాలనీ నాటకం వీడియోకో ట్రైలర్ కోస్తుంటే, పంపించే ముందు ఒకసారి శబ్దం ఆపేసి, ఫ్రేమ్ ఫ్రేమ్ ఆపుతూ చూడండి. వెనకాల గోడలు, చేతిలో కాగితాలు, పేర్ల కార్డులు చదవండి. యూట్యూబ్ తనంతట తను ఎంచే థంబ్‌నెయిల్‌ని నమ్మకండి, మీరే పెట్టండి. దాచాల్సింది ఏమిటో ఒక్క వాక్యంలో రాయలేకపోతే మాత్రం ట్రైలర్ జోలికి పోవద్దు. ముందు ఆ వాక్యం రాయండి.