నాయన అడిగిన ఒక్క ప్రశ్న

మొన్న సెలవులకి కోయిలకుంట్ల వెళ్లినప్పుడు మా స్టార్టప్ మొదటి ఏడాది బడ్జెట్ నాయనకి చూపించాను. శనగ కోత మిషన్లను ఫోన్‌లో బుక్ చేసుకునే యాప్ మాది. ఫౌండర్లం ఇద్దరం. పెట్టుబడి 4,80,000 అనుకున్నాం.

సర్వర్, డొమైన్, ఎస్సెమ్మెస్‌లకి నెలకి 5,000. కరపత్రాలు, ఆటోలో మైకు ప్రచారానికి 7,000. మా జీతాలు సున్నా. నెలకి 12,000 చొప్పున, ఒక్క రూపాయి ఆదాయం రాకపోయినా డబ్బు 40 నెలలు వస్తుంది. ఈ లెక్కనే రన్‌వే అంటారు.

"మరి మీరేం తింటారప్పా?" అన్నాడు నాయన. "మన కూలి లెక్కేసుకోకుంటే నా సేద్యం కూడా ఏటా లాభమే."

నిజమే. మద్దతు ధర కోసం కేంద్రం వేసే సాగు ఖర్చులో కూడా ఇంటివాళ్ల కూలికి విలువ కడతారు. మేం కట్టుకోలేదు. తలా 10,000 జీతం వేశాను. నెల ఖర్చు 32,000 అయింది. 40 నెలలు కాస్తా 15 అయ్యాయి.

ఇంకో చిక్కు. మాకు శనగ కోత ఏడాదికి ఒక్కసారే, జనవరి, ఫిబ్రవరిలో. జూన్‌లో మొదలుపెడితే 15 నెలల్లో దొరికేది ఒకే కోత. అందులో యాప్ ఫెయిలైతే సరిచేసుకుని మళ్లీ ప్రయత్నించేలోపు డబ్బు అయిపోతుంది. అందుకే కోడింగ్ కాలేజీలో ఉండగానే ముగించి, ఖర్చు డిసెంబర్‌లో మొదలుపెడదామనుకున్నాం. అదే డబ్బుకి రెండు కోతలు అందుతాయి.

రిజిస్ట్రేషన్, ఆడిటర్ ఫీజులు మర్చిపోయాం. వాటికోసం జీతాలు 9,000కి తగ్గించాం. 15 నెలలకి 30,000 మిగులుతుంది. నాయనకి ఇంకా చెప్పలేదు.