ట్యాంకు గేజ్‌లో 200 బార్ అంటే ఎంత గాలి?



మనలో కొందరు డైవింగ్ శిక్షణకు వెళ్ళాలనుకుంటున్నారు. వాగుల్లో, చెరువుల్లో ఊపిరి బిగబట్టి మునగడం మనకు కొత్త కాదు. కానీ వీపుకు ట్యాంకు కట్టుకుని దిగితే ప్రతి ఊపిరికీ లెక్క ఉంటుంది. హాస్టల్ గదిలో కూర్చుని మేం ఆ లెక్క ఎలా చేశామో రాస్తున్నాం.

ముందు యూనిట్లు చూద్దాం. 1 బార్ అంటే సరిగ్గా 1,00,000 పాస్కల్‌లు. 1 అట్మాస్ఫియర్ అంటే 1,01,325 పాస్కల్‌లు, అంటే 1.01325 బార్. నిండు ట్యాంకు గేజ్ 200 బార్ చూపిస్తోంది అనుకుందాం.

200 × 1,00,000 = 2,00,00,000 పాస్కల్‌లు
200 ÷ 1.01325 = 197.4 అట్మాస్ఫియర్‌లు

రెండు కోట్ల పాస్కల్‌లంటే 20 మెగాపాస్కల్‌లు. కొన్ని గేజ్‌ల మీద మెగాపాస్కల్ గుర్తులే ఉంటాయి. అందులో ముల్లు 5 దగ్గరుంటే అది 50 బార్. అందుకే నీళ్ళలో దిగకముందే గేజ్ మీద ఏ యూనిట్ రాసి ఉందో చూసుకోవాలి.

బార్‌కీ అట్మాస్ఫియర్‌కీ తేడా నూటికి ఒకటి చిల్లర మాత్రమే. కాబట్టి నీటిలోపలి లెక్కకు రెండూ ఒకటే అనుకున్నా ఫర్వాలేదు. అసలు చిక్కు వేరే చోట ఉంది: ఎక్కడ 1 కలపాలి, ఎక్కడ కలపకూడదు?

ట్యాంకు గేజ్ బయటి గాలి ఒత్తిడి కంటే లోపల ఎంత ఎక్కువుందో చూపిస్తుంది. ముల్లు సున్నా మీదున్నా లోపల 1 అట్మాస్ఫియర్ గాలి ఉంటుంది, కానీ అది మనం పీల్చుకోవడానికి బయటకు రాదు. కాబట్టి ఇక్కడ ఏమీ కలపక్కర్లేదు.

లోతు దగ్గర మాత్రం కలపాల్సిందే. సముద్రంలో 10 మీటర్లకు సుమారు 1 బార్ పెరుగుతుంది. 20 మీటర్ల లోతున నీటి ఒత్తిడి 2, దాని పైనున్న వాతావరణం ఒత్తిడి 1, మొత్తం 3 బార్. మన ఊపిరితిత్తులు అంతే ఉంటాయి గానీ, ఒక్కో ఊపిరికి పైన పట్టేదానికి మూడింతల గాలి పడుతుంది.

12 లీటర్ల ట్యాంకు తీసుకుందాం. పైకి రావడానికీ, అనుకోనిది జరిగితే వాడుకోవడానికీ 50 బార్ ఉంచేస్తే మిగిలేది 150. గాలి 150 × 12 = 1800 లీటర్లు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 20 మీటర్ల లోతున 60 లీటర్లు కావాలి. 1800 ÷ 60 = 30 నిమిషాలు.

ఆ 1 కలపకపోతే నిమిషానికి 40 లీటర్లే అనిపించి, లెక్క 45 నిమిషాలు చూపిస్తుంది. ఆ పదిహేను నిమిషాల గాలి కాగితం మీదే తప్ప ట్యాంకులో ఉండదు. కంగారులోనూ, చలిలోనూ, ఎదురు ప్రవాహంలోనూ ఊపిరి ఇంకా వేగం అవుతుంది కాబట్టి ఆ 30 నిమిషాలు కూడా ఖాయం కాదు. అందుకే లెక్క చేతిలో ఉన్నా, కింద ఉన్నంతసేపూ కన్ను గేజ్ మీద ఉండాలి. ముల్లు 50కి చేరేలోపే పైకి బయల్దేరాలి.