చిరుగుల్లో తేడాలు

ఒక గుండీ లేదు. సిగరెట్‌తో కాలిన రంధ్రం, మరకలు ఉన్నాయి. ఉతకనూ లేదు. అయినా ఆ ఆకుపచ్చ స్వెటర్ 2019 అక్టోబర్‌లో అమెరికాలో జరిగిన వేలంలో 3,34,000 డాలర్లు పలికింది. 'నిర్వాణ' గాయకుడు కర్ట్ కోబేన్ 1993 నవంబర్‌లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ కచేరీలో వేసుకున్నది అదే. శుభ్రంగా ఉతికి గుండీ కుట్టి ఉంటే అంత పలికేది కాదేమో.

పంక్, గోత్, గ్రంజ్ మూడింటికీ చిరుగే చిహ్నం. కానీ ఆ చిరుగు ఎలా వచ్చిందన్న దాంట్లోనే తేడా అంతా ఉంది.

1970ల లండన్‌లో పంక్ కుర్రాళ్ల చొక్కాలు చిరిగేవి కావు, వాళ్లే చించేవారు. ఆపై పిన్నీసులు గుచ్చేవారు. మన ఇళ్లలో పిన్నీసు పని లోపాన్ని కప్పిపుచ్చడం. అక్కడ దాన్ని పదిమందికీ చూపించడం. వివియన్ వెస్ట్‌వుడ్, మాల్కమ్ మెక్‌లారెన్ 1976లో కింగ్స్ రోడ్ దుకాణంలో తెచ్చిన బాండేజ్ ప్యాంటుకు రెండు కాళ్లనూ కలుపుతూ పట్టీ ఉంటుంది. వేసుకుంటే పెద్ద అంగ వేయలేరు. తమను కట్టిపడేశారని చెప్పడానికి తామే కట్టుకుని తిరగడమన్నమాట. ఆ ధర పెట్టలేని వాళ్లు పాత ప్యాంటుకు ఇంట్లోనే జిప్పులు, పట్టీలు కుట్టుకున్నారు. నిజానికి పంక్ స్వభావానికి దగ్గరైనవి అవే.

1982లో సోహోలో మొదలైన బ్యాట్‌కేవ్ క్లబ్బు చుట్టూ పెరిగిన గోత్‌లకు ఈ కోపం పట్టదు. వాళ్లది శోకాన్ని సింగారించుకునే తీరు. నల్ల వెల్వెట్ మీది నూగు వెలుగును మింగేస్తుంది కనుక ఆ నలుపు మరింత చిక్కగా కనిపిస్తుంది. నేరుగా ఇస్త్రీ చేస్తే నూగు అణిగి మచ్చ పడుతుంది. లేసులో రంధ్రాలు అల్లికలోనే ఉంటాయి, చించే పని లేదు. లోహం కూడా ఆయుధంలా కాక నగలా మారింది: వెండి శిలువలు, ఈజిప్టు 'ఆంఖ్'లు.

గ్రంజ్‌కు గుండీలు తప్ప లోహం లేదు. సియాటిల్ చలికి పాత బట్టల దుకాణంలో చౌకగా దొరికే గళ్ల ఫ్లానెల్ చొక్కా చాలు. అది మోచేతుల దగ్గర పలచబడి దానంతటదే చిరుగుతుంది. డిజైనర్ మార్క్ జాకబ్స్ 1992 నవంబర్‌లో అవే గళ్లను పట్టు మీద అచ్చు వేయించి ప్రదర్శించి, పెర్రీ ఎల్లిస్ సంస్థలో ఉద్యోగం పోగొట్టుకున్నారు.

జీన్స్ మోకాలు చూస్తే ఈ తేడా పట్టేయవచ్చు. డెనిమ్‌లో పడుగు నీలం, పేక తెలుపు. వాడకంలో పైకి తేలి ఉండే నీలం పోగులు ముందు అరుగుతాయి, తెల్లపోగులు అడ్డంగా వేలాడుతూ మిగులుతాయి. బ్లేడుతో కోస్తే రెండూ ఒకే గీతలో తెగుతాయి. ఫ్యాక్టరీలు మొదటి రకాన్ని నకలు చేయడానికి ఎంచుకున్న మార్గాల్లో ఒకటి, గుడ్డ మీద ఇసుకను వేగంగా చిమ్మడం. ఆ ధూళి పీల్చిన టర్కీ కార్మికులకు సిలికోసిస్ సోకింది. ఊపిరితిత్తులు గట్టిపడే ఈ జబ్బు నయం కాదు. కొందరు చనిపోయాక 2009లో టర్కీ ఆ పద్ధతిని నిషేధించింది.