కోస్తే గానీ తెలియని పురుగు

వ్యవసాయ విలేకరిగా హైదరాబాద్‌లో ఒక డెమో డేకి వెళ్ళాను. ముందు మాట్లాడినవాళ్ళు తమ మార్కెట్ ఎన్ని వేల కోట్లో చెబుతూ మొదలుపెట్టారు. తర్వాత వచ్చిన, పత్తి రైతులకు యాప్ తయారుచేసిన ఒక అమ్మాయి మాత్రం తెర మీద ఒక పచ్చి పత్తికాయ ఫోటో వేసి, "ఇందులో పురుగుందా, లేదా?" అని అడిగింది. కాయ నున్నగా ఉంది, ఎక్కడా మచ్చ లేదు. రెండో ఫోటోలో అదే కాయను కోసి చూపించింది. గింజల మధ్య గులాబీ రంగు పురుగు.

గుడ్డు పగలగానే పిల్లపురుగు కాయలోకి దూరుతుందనీ, దూరిన రంధ్రం పూడుకుపోతుందనీ చెప్పింది. "ఆకుమచ్చలైతే మా యాప్ ఫోటో చూసి గుర్తుపడుతుంది. ఈ పురుగు విషయంలో ఫోటో పనికిరాదు. అందుకే రైతునే లెక్క అడుగుతాం" అంది. పెట్టుబడిదారుల ముందు తన యాప్ చేయలేని పనిని మొదటి నిమిషంలోనే చెప్పినవాళ్ళను నేను అరుదుగా చూశాను.

ఆ లెక్కను ఆదిలాబాద్ వైపు ఒక ఎకరం చేను మీద చూపించింది. చేనులో రెండు లింగాకర్షక బుట్టలు. రోజూ పొద్దున్నే పడిన మగ రెక్కల పురుగుల్ని లెక్కపెట్టి రైతు ఫోన్‌లో చెబుతాడు. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున పడితే మందు కొట్టే సమయం వచ్చినట్టు. ఈ రైతు చేనులో మూడు రాత్రుల్లో బుట్టకు మూడు, అయిదు, నాలుగు చొప్పున పడ్డాయి. అయినా యాప్ అంతటితో ఆగలేదు. చేనంతా తిరిగి 20 పచ్చికాయలు కోసి చూడమంది. రెండింట్లో పురుగుంటే 10 శాతం, అప్పుడు కొట్టాల్సిందే. ఒక్క కాయలోనే కనబడింది. "ఇప్పుడు కొట్టొద్దు, వారం తర్వాత మళ్ళీ కోసి చూడండి" అని తెలుగులో గొంతు వినిపించింది. హాలంతా విన్నాం.

ఎంత పెట్టుబడి కావాలో చివర్లో ఒక్క వాక్యంలో చెప్పింది. గంట మోగింది.

న్యాయనిర్ణేతల్లో ఒకాయన, "మందుల కంపెనీలతో కలిస్తే ఆదాయం త్వరగా వస్తుంది కదమ్మా?" అన్నారు.

"మందు అమ్మిన కమీషన్ తింటే 'కొట్టొద్దు' అని చెప్పలేం సార్. రైతు సంఘాల దగ్గర ఎకరానికింత అని తీసుకుంటాం" అంది.

సంఘాల నుంచి డబ్బు వసూలు కావడం తేలిక కాదని ఆయన అన్నారు. అది నిజమే. ఆమె కూడా ఒప్పుకుంది. అయినా ఆ రోజు విన్నవాటిలో రైతుకు పనికొచ్చే పిచ్ అదేనని నేను రాశాను, ఇప్పటికీ అదే అంటాను. పత్తి వేసినవాళ్ళు ఏ యాప్ పెట్టుకున్నా, సలహా వినేముందు అది మందులు అమ్ముతుందేమో కనుక్కోండి.